మీటింగులో దుభాషిగా మొదటిసారి: చెవికెంత, కాగితానికెంత?

ప్రశ్న: "ఇంగ్లీషు–తెలుగు అనువాదాలు చేస్తుంటాను, రాతపనే. వచ్చే నెల గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారు దగ్గరికి విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారు, మీటింగుకి దుభాషిగా రమ్మన్నారు. ఒకళ్ళు మాట్లాడి ఆపాక నేను చెప్పాలట. రెండు నిమిషాలు మాట్లాడితే అంతా ఎలా గుర్తుంటుంది? గుర్తులతో నోట్స్ రాస్తారట, అవేమిటి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

సమాధానం:

గుర్తుల కంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మీ చెవి దేన్ని పట్టుకుంటుంది, కాగితం దేన్ని పట్టుకుంటుంది? కొత్తవాళ్ళ నోట్స్ చెడిపోయేది ఈ పంపకం జరగనప్పుడే. ఎవరు ఎవరితో ఏం తేల్చుకోవాలని చూస్తున్నారు, ఎందుకంటున్నారు అన్న కథంతా బుర్రలోనే ఉంటుంది. దాన్ని రాయక్కర్లేదు. బుర్రలో నిలవనివి మాత్రం కాగితం మీదికి రావాలి. అవి అంకెలు, పేర్లు, వరసగా చెప్పే జాబితాలు, "కాబట్టి", "అయినా", "ఒకవేళ" లాంటి లంకెలు, అవునా కాదా అన్నది. ఇవి కాక ఇంకేదైనా రాస్తున్నారంటే ఆ క్షణంలో వినడం తగ్గిందని అర్థం. రాయడానికి పెట్టే శ్రద్ధ వినే శ్రద్ధలోంచే పోతుంది కదా.

అందుకే సాధన నోట్స్ లేకుండానే మొదలుపెట్టండి. ఒక నిమిషం మాట విని, కాగితం ముట్టకుండా, అదే భాషలో తిరిగి చెప్పండి. తెలుగు విని తెలుగులోనే. భాష మార్చే పని లేదు కాబట్టి మీ జ్ఞాపకం ఎక్కడ జారుతోందో అప్పుడు స్పష్టంగా కనపడుతుంది. వార్తలతో మొదలుపెట్టకండి, అవి అంకెలతో, పేర్లతో కిక్కిరిసి ఉంటాయి. ఒక శాస్త్రవేత్త రైతులకు తామర పురుగు గురించో, ఎరువుల మోతాదు గురించో వివరించే కార్యక్రమం అయితే బాగుంటుంది. అందులో కారణం, ఫలితం, షరతు అన్నీ వరసగా వస్తాయి. రోజుకి ఇరవై నిమిషాల చొప్పున ఒక వారం ఇలా చేశాక రెండు నిమిషాలకు పెంచి, అప్పుడు పెన్ను పట్టుకోండి.

వినేటప్పుడు జ్ఞాపకానికి రెండు ఊతాలు పనికొస్తాయి. ఒకటి, లెక్క. ఆయన ఎన్ని విషయాలు చెప్పాడో ఎడమచేతి వేళ్ళ మీద మడుచుకుంటూ పోవడం. పాతబాకీ ఒకటి, ధర రెండు, గడువు మూడు. చెప్పేటప్పుడు ఒక్కొక్కటే విప్పుతూ రండి, చివర్న మూడో వేలు ఇంకా మడిచే ఉంటే మీరేదో వదిలేశారని తెలిసిపోతుంది. రెండోది, దారి. వ్యాపార మీటింగులో సరుక్కి ఎలాగూ ఒక దారి ఉంటుంది. మీ మీటింగులో అది యార్డు, కోల్డ్ స్టోరేజీ, తొడిమలు తీసే షెడ్డు, ఆరబెట్టే కళ్ళం, ప్యాకింగ్, కంటైనర్, రేవు, చివరికి కొనేవాళ్ళ బ్యాంకు. ఈ దారిని మనసులో ముందే గీసుకోండి. తేమ గురించి అనగానే దాన్ని కళ్ళం దగ్గర పెట్టండి. చెల్లింపు అనగానే బ్యాంకు గుమ్మంలో పెట్టండి. తిరిగి చెప్పేటప్పుడు ఆ దారి వెంట నడుచుకుంటూ పోతే ఒక్కొక్కటీ కనపడుతుంది. వీలైతే ముందురోజు నిజంగానే ఆ షెడ్డు, ఆ కోల్డ్ స్టోరేజీ ఒకసారి చూసి రండి. కళ్ళతో చూసిన చోటు గుర్తున్నంతగా ఊహించుకున్న చోటు గుర్తుండదు.

ఇప్పుడు పుస్తకం. పైన స్పైరల్ ఉండి, పేజీ కిందినుంచి పైకి తిరిగే చిన్న నోట్‌బుక్ కావాలి, విలేకరులు వాడే లాంటిది. అట్ట గట్టిగా ఉండాలి, ఒక్కోసారి ఒళ్ళో పెట్టుకునే రాయాల్సి వస్తుంది. పేజీకి ఒకవైపే రాయండి, వెనక్కి తిప్పి వెతుక్కునే పని ఉండదు. ఎడమపక్క రెండు వేళ్ళ వెడల్పున ఒక నిలువు గీత గీయండి. ఆ అంచు లంకెలకి మాత్రమే. ఒక విషయం గానీ, ఒకళ్ళ మాట గానీ అయిపోగానే పేజీకి అడ్డంగా గీత కొట్టండి. మీరు చెప్పేశాక ఆ భాగం మీద ఏటవాలుగా గీత కొట్టేయండి. లేకపోతే రెండో గంటలో పాత అంకె కొత్తదానిలో కలిసిపోతుంది.

మొదటి పేజీ మీటింగ్ మొదలవకముందే నిండాలి. బల్ల బొమ్మ గీసి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో పొడి అక్షరాలు రాసుకోండి. కింద ఆ రోజు పదేపదే వచ్చే నాలుగైదు మాటలకు గుర్తులు నిర్ణయించుకోండి. మీకైతే కంటైనర్, తేమ, తేజ రకం మిర్చి, తొడిమ తీసిన సరుకు. కంటైనర్‌కి ▭ అనుకుందాం.

ఇక గుర్తులు. జెనీవాలో 1956లో జాన్ ఫ్రాన్స్వా రోజాన్ అనే దుభాషి ఈ పద్ధతిని పుస్తకంగా పెట్టినప్పుడు ఇచ్చినవి ఏడు సూత్రాలు, ఇరవై గుర్తులు, అంతే. ఇప్పటికీ నేర్పేవాళ్ళు చాలావరకు ఆ దారినే నడుస్తున్నారు. రెండొందల గుర్తులు కంఠస్థం చేసినవాళ్ళు మీటింగులో ఒక్కోదాన్ని గుర్తు తెచ్చుకోవడానికి అర సెకను ఆగుతారు, ఆ అర సెకనులో ఒక మాట పోతుంది. మొదటి మీటింగుకి ఇవి చాలు:

```
→   వెళ్ళింది, పంపారు, దారితీసింది
←   అక్కణ్ణుంచి వచ్చింది, దానివల్ల
↑ ↓ పెరిగింది / తగ్గింది
"   అన్నారు (ఎవరన్నారో వాళ్ళ అక్షరం పక్కన)
:   అనుకుంటున్నారు, అభిప్రాయం
=   ఒప్పుకోలు, సమానం
✗   కాదు, లేదు
> <  ఎక్కువ / తక్కువ
?   అడుగుతున్నారు
∴   కాబట్టి
క   కానీ, అయినా
తే   అయితే, ఒకవేళ
__  గట్టిగా అన్నారు (కింద గీత)
~~  మెత్తగా అన్నారు, మాట ఇవ్వలేదు (కింద అల)
```

చివరి రెంటినీ చిన్నవిగా చూడకండి. వ్యాపారంలో "ఇస్తాం" అన్నదానికీ "చూస్తాంలెండి" అన్నదానికీ మధ్య లక్షలు ఉంటాయి. మన భాషలో "చూద్దాం", "మాట్లాడి చెప్తాం" అంటే ఒక్కోసారి మర్యాదగా వద్దనడం, ఒక్కోసారి నిజంగానే ఆలోచిస్తామనడం. రెంటిలో ఏదో తేల్చడం మీ పని కాదు. ఆ మెత్తదనాన్ని అలాగే ఇంగ్లీషులోకి తీసుకెళ్ళాలి, తేల్చుకోవాల్సింది ఎదుటివాళ్ళు.

మాటల్ని పొడిగా రాయడానికి మొదటి అక్షరంతో పాటు చివరి అక్షరం కూడా ఉంచండి. "ఒప్పందం" అయితే "ఒదం", "ఒత్తిడి" అయితే "ఒడి". ఒక్క "ఒ" అని రాసుకుంటే నిమిషం తర్వాత అది ఏదో తెలియదు. ఏ లిపిలో చేయి వేగంగా పోతుందో ఆ లిపిలో రాయండి, రెండూ కలిసినా నష్టం లేదు. ఒక్కటే నియమం, మీటింగ్ మధ్యలో కొత్త గుర్తు పుట్టించకండి. తప్పదనుకుంటే వెంటనే పేజీ మూలన దాని అర్థం రాసుకోండి.

పేజీ మీద అన్నీ ఒకే వరసలో పక్కపక్కన పేర్చకూడదు. ఎవరు అన్నది ఎడమవైపు, ఏం చేశారు అన్నది కొంచెం కిందగా కుడికి, దేన్ని అన్నది ఇంకా కిందగా ఇంకా కుడికి. మెట్లు దిగినట్టు. ఇంగ్లీషు నుంచి వచ్చినా తెలుగు నుంచి వచ్చినా పేజీ మీద ఇదే క్రమం. కన్ను ఒక్క చూపులో వాక్యం మొత్తం పట్టుకుంటుంది, మాటలు ఏ వరసలో వచ్చాయో మర్చిపోయి ఏ భాషలోనైనా సహజంగా చెప్పగలుగుతారు.

తెలుగు నుంచి రాసేటప్పుడు ఒక చిక్కుంది, దీన్ని ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ళ పాఠాలు పెద్దగా పట్టించుకోవు. మన క్రియ చివర్న వస్తుంది. కాదనడం కూడా ఆ క్రియలోనే ఉంటుంది. "ఇంత ధరకి, ఈ నాణ్యత, ఈ నెలాఖరులోపు" అంటూ పోయి చివర్న "ఇవ్వగలం" అంటాడో "ఇవ్వలేం" అంటాడో. అంతకంటే కష్టం "అని". తేమ పదకొండు దాటింది అన్నంతవరకు అది మాట్లాడేవాడి ఒప్పుకోలులా వినపడుతుంది, "అని మీరన్నారు" వచ్చాక అది ఎదుటివాళ్ళ ఆరోపణ అయిపోతుంది. కాబట్టి తెలుగులో వాక్యం మొదలవగానే రాయకండి. అంకె వస్తే అంకె మాత్రం కుడివైపు పడేయండి, ఎడమవైపు ఖాళీ ఉంచండి. క్రియ వచ్చాక ఆ ఖాళీలోకి వెళ్ళి ఎవరు, అవునా కాదా రాయండి. ఈ రెండు మూడు సెకన్ల ఆలస్యం అలవాటయ్యేవరకు చేయి తొందరపెడుతూనే ఉంటుంది.

ఒక మాట తీసుకుని చూద్దాం. ఎగుమతిదారు ఇలా అన్నాడనుకోండి:

"పోయిన సంవత్సరం మీకు నాలుగు కంటైనర్లు పంపాం. అందులో ఒకదాంట్లో తేమ పదకొండు శాతం దాటిందని మీరన్నారు, మేం కాదనలేదు. అందుకే ఈసారి కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకుని రెండు రోజులు ఆరబెట్టాకే ప్యాకింగ్ చేయిస్తున్నాం. ఇక ధరంటారా, తొడిమ తీసిన తేజ క్వింటా ఇరవై ఒకటిన్నర వేలకు తక్కువ ఇవ్వలేం. కాకపోతే ఆరు కంటైనర్లు దాటి తీసుకుని, డబ్బు ముప్పై రోజుల్లోపు పంపితే, క్వింటాకి మూడొందలు తగ్గించే సంగతి మా అన్నయ్యతో మాట్లాడి చెప్తాం."

ముప్పై సెకన్ల పైచిలుకు మాట. పేజీ మీద ఇంతే ఉండాలి:

```
      | పోసం
      | మే
      |    →
      |       మీ 4▭
      |
      | మీ"
      |    తేమ >11%
      |       1▭      (మే ✗కాదు)
  ∴   |
      | మే  ఈసారి
      |    ఆర 2రో
      |       → ప్యాక్
      |----
      | ధర  తేజ-తొ✗
      |    ✗ఇ
      |       <21.5వే/క్విం
  క   |
  తే   | మీ
      |    >6▭
      |    + డబ్బు <30రో
      |       ↓300/క్విం
      |       ~~అన్నతో~~
```

ఇందులో కోల్డ్ స్టోరేజీ లేదు చూడండి. అది దారిలో ఉంది, కళ్ళానికి ముందే మీ కళ్ళకు కనపడుతుంది. "మే ✗కాదు" మాత్రం విడిగా రాశాం, ఎందుకంటే "కాదనలేదు" అన్నది "ఒప్పుకున్నాం" కాదు. ఇంగ్లీషులోకి "ఒప్పుకున్నాం" అని వెళ్తే రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ మాటే సాక్ష్యం అవుతుంది. అంచులో ఉన్న "క", "తే" చూడండి. తగ్గింపుకి రెండు షరతులున్నాయి, వాటి మధ్య "+" ఉంది. అంటే రెండూ జరగాలి. ఆ కూడిక గుర్తు పోతే కొనుగోలుదారు ఏదో ఒకటి చాలనుకుంటాడు. అన్నింటికీ చివర అల గీత. మూడొందలు తగ్గిస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు, అడిగి చెప్తామన్నారు, అంతే.

ఇదే మాటని కొత్తవాళ్ళు ఎలా రాస్తారంటే, "పోయిన సంవత్సరం మీకు నాలుగు కంటైనర్లు పంపాం" అన్నది పూర్తిగా వచ్చేస్తుంది, రెండో వాక్యం సగం, తర్వాత "21.5" అన్న అంకె ఒంటరిగా, చివర్న "300". పేజీ నిండుగా కనిపిస్తుంది. కానీ ఆ మూడొందలు ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది ఉండదు. సాధనలో మీ నోట్స్ బాగున్నాయో లేదో ఇలాగే పరీక్షించుకోండి. ప్రతి అంకె దగ్గర ఆగి "ఎవరిది, దేనికి, ఏ షరతు మీద?" అని అడగండి. పేజీ జవాబు చెప్పలేకపోతే రాసిన మాటలు ఎక్కువ, లంకెలు తక్కువ.

అంకెల దగ్గర ఇంకొంచెం ఆగాలి. అంకె వినపడగానే మిగతాదంతా వదిలేసి ముందు దాన్ని రాయండి, దాని కొలతతో సహా. విన్న రూపంలోనే రాయండి, వింటూ మార్చకండి. కొనుగోలుదారు 2.4 మిలియన్ అంటే "2.4మి" అని రాసి, మీ వంతు వచ్చాక 24 లక్షలు అనండి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ఈ రెండూ నోటికి వచ్చేయాలి. 3.75 మిలియన్ అనగానే ముప్పై ఏడున్నర లక్షలు అని ఆగకుండా రావాలి. దీనికి సాధన సామగ్రి సులువుగా దొరుకుతుంది, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ ద్రవ్య విధాన ప్రకటన ఇంగ్లీషులో విని అంకెలు మాత్రం రాసుకుని చెప్పి చూడండి.

తెలుగు వైపు జాగ్రత్త "న్నర" దగ్గర. వేగంగా మాట్లాడేవాళ్ళు దాన్ని సగం మింగేస్తారు. ఇరవై ఒకటా, ఇరవై ఒకటిన్నరా అన్నది క్వింటాకి ఐదొందల తేడా. ఒక నలభై అడుగుల కంటైనర్లో రెండొందల క్వింటాళ్ళు పట్టాయనుకుంటే లక్ష రూపాయలు. ఇంగ్లీషు వైపు పదిహేను, యాభై కలిసిపోతాయి. అనుమానం వస్తే అడగాల్సిందే. ఇంకో మాట, క్వింటా అంటే బయటి దేశాలవాళ్ళలో చాలామందికి తెలియదు. వంద కేజీలు అని చెప్పండి. రూపాయల్ని డాలర్లలోకి మాత్రం మీరు మార్చకండి. ఆ రోజు ఏ రేటు పట్టుకోవాలో వాళ్ళు తేల్చుకోవాలి.

ఇంగ్లీషు నుంచి తెలుగుకి వచ్చేటప్పుడు పెద్ద గుంట ఒకటి ఉంది. మనకి మేం, మనం వేరు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. సరుకు ఆలస్యమైతే రేవులో కట్టాల్సిన డెమరేజీ రుసుము భరిస్తామని కొనుగోలుదారు అన్నప్పుడు మీరు "మనం భరిద్దాం" అంటే సగం భారం ఎగుమతిదారు నెత్తిన పడుతుంది. "మేం భరిస్తాం" అంటే ఆయనకి సంబంధం లేదు. వింటున్నప్పుడే ఏదో నిర్ణయించుకుని నోట్స్‌లో "మే" అనో, చుట్టూ సున్నా చుట్టి "మ" అనో రాయండి. సందర్భం తేల్చకపోతే నోరు తెరవకముందే అడగండి. అలాగే తెలుగు నుంచి వెళ్ళేటప్పుడు "నెలకి రెండు కంటైనర్లు పంపుతాం" అన్నది ఇప్పుడు పంపుతున్నారనా, ఇకమీదట పంపుతారనా? మన క్రియ రెంటికీ ఒకటే రూపం. ఇంగ్లీషులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు కాబట్టి, ఇది కూడా అడిగి తేల్చుకోవాల్సిందే.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. మీరు ఎవరి మాట చెప్తుంటే వాళ్ళలాగే "నేను", "మేం" అని చెప్పాలి, "ఆయన ఇలా అంటున్నారు" అని కాదు. అందువల్ల మీరు మీరుగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు తేడా తెలియాలి. "దుభాషి అడుగుతున్నారు, ధర ఇరవై ఒకటా, ఇరవై ఒకటిన్నరా?" అనండి. ఏం అడిగారో రెండోవాళ్ళకీ వాళ్ళ భాషలో ఒక్క ముక్క చెప్పండి. మీరిద్దరే ఏదో మాట్లాడుకుంటున్నారన్న అనుమానం ఒకసారి పుడితే ఆ మీటింగులో పోదు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసు దుబాసీలు భాష మార్చి చెప్పడంతో పాటు బేరమూ వాళ్ళే కుదిర్చేవారు. ఈ రోజు మీరు నిలవాల్సింది దానికి సరిగ్గా ఎదురుగా. ఎగుమతిదారు మీ చెవిలో "ఇంకో నూరు తగ్గొచ్చు, ఇప్పుడే చెప్పకు" అంటే, ఇక్కడ అన్న ప్రతి మాటా అటువైపు చెప్పాల్సి వస్తుందని ముందే చెప్పి ఉండాలి.

ఈ మాట మీటింగ్ మొదట్లో ముప్పై సెకన్లలో అయిపోవాలి. నిమిషం, మహా అయితే రెండు నిమిషాలకోసారి ఆగమని, అంకె వస్తే నెమ్మదిగా అనమని ఇద్దరికీ చెప్పండి. కొందరు మర్చిపోయి సాగదీస్తారు. పేజీ రెండోది తిప్పుతున్నారంటే ఆపాల్సిన సమయం వచ్చినట్టే. ఒక విషయం ముగియగానే పెన్ను పైకెత్తి కళ్ళు కలపండి. వాక్యం మధ్యలో ఆపకండి, మన భాషలో అయితే క్రియ రాకముందే ఆపినట్టవుతుంది.

కూర్చునే చోటు ఇద్దరి ముఖాలూ కనిపించే బల్ల చివర అయితే మేలు. వాళ్ళ మాట ముగిసిన రెండు మూడు సెకన్లలో మొదలుపెట్టండి. మొదలుపెట్టేముందు పేజీలో చివరి ముక్క ఒకసారి చూసుకోండి, ఎక్కడికి చేరాలో తెలిస్తే మొదటి వాక్యం తడబడదు. ఆ తర్వాత ఒక ముక్క చూడటం, తలెత్తి చెప్పడం, చెప్తూ చెప్తూ ముగింపులో తర్వాతి ముక్క వైపు చూపు దించడం. తల కిందికే ఉంటే నోట్స్ చదువుతున్నట్టు వినపడుతుంది, వాక్యాలు తెగిపోతాయి. మీరు చెప్పే సమయం అసలు మాట కంటే ఎక్కువ పట్టకూడదు. ఎక్కువ పడుతోందంటే వివరణలు చేరుస్తున్నారన్నమాట.

మధ్యలో ఒక ముక్క పూర్తిగా పోయిందనుకోండి. ఊహించి పూడ్చకండి, "దాదాపు" అని కూడా కలపకండి. వచ్చినంతవరకు చెప్పి, పోయిన ఒక్కదాన్నే అడగండి: "చెల్లింపు గడువు ఎన్ని రోజులన్నారు?" మొత్తం మళ్ళీ చెప్పమంటే ఆయన ఈసారి వేరేగా చెప్తాడు, అప్పుడు రెండు మాటలు తయారవుతాయి. తప్పు చెప్పేశారని తర్వాత తెలిస్తే ఆ నిమిషంలోనే "దుభాషి సవరణ" అని ఇద్దరికీ చెప్పండి. ఆ తప్పు అంకె మీద ఇంకో అంకె కట్టకముందే దాన్ని సరిదిద్దాలి.

మీటింగ్ అయ్యాక ఎవరో ఒకళ్ళు మీ నోట్స్ అడుగుతారు, మినిట్స్ రాసుకుంటామని. ఇవ్వకండి. మీరు వదిలేసినవన్నీ మీ బుర్రలో ఉన్నాయి కాబట్టే ఆ పేజీకి అర్థం ఉంది. వేరేవాళ్ళ చేతిలో "↓300" అన్నది ఇచ్చిన మాటలా కనపడుతుంది. మినిట్స్ ఎవరు రాస్తారో మొదట్లోనే అడిగి పెట్టుకోండి. ఆ పేజీలు ఆ రాత్రికే చింపేయండి, అందులో ఇద్దరి ధరలూ ఉంటాయి.